“మూత్రం బాగానే వస్తోంది కదా!”

“మూత్రం బాగానే వస్తోంది కదండీ, మరి మూత్రపిండం దెబ్బతిన్నదని ఎలా అంటున్నారు?”

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలమంతటా ఈ ప్రశ్నను నేను రోగుల నోట, వారి బంధువుల నోట విన్నాను. అప్పట్లో నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. “పరీక్షలో అలా వచ్చిందమ్మా” అనేవాడిని. అది జవాబు కాదని నాకూ తెలుసు. అయితే ఆ ప్రశ్నకు సరైన సమాధానం చెప్పాలంటే మూత్రపిండం రక్తాన్ని ఎలా వడకడుతుందో మొదటినుంచీ చెప్పాలి. బయట వంద మంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు దానికి తీరిక దొరికేది కాదు.

తీరిక దొరికింది పదవీ విరమణ తరువాతే. గత చలికాలంలో నర్సీపట్నం నుంచి కొందరు నర్సింగ్ విద్యార్థినులు ఇంటింటి ఆరోగ్య సర్వే కోసం మా బలిఘట్టం వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరాహ నది వైపు నుంచి గాలి వీస్తూంటే మా అరుగు మీద కూర్చున్నారు. వారిలో ఒకమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసి, “డాక్టరుగారూ, నెఫ్రాన్ పాఠం మూడుసార్లు చదివాను. బొమ్మ వేయమంటే వేస్తాను, పేర్లు రాయమంటే రాస్తాను. కానీ ఇవాళ సర్వేలో ఒక ముసలాయన, ‘ఒంటికి బాగానే ఎల్తన్నాను, మరి నాకు కిడ్నీ జబ్బేటి?’ అని అడిగితే ఏమీ చెప్పలేకపోయాను. తెలుగులో ఒక్కసారి చెబుతారా?” అని అడిగింది.

ఆ సాయంత్రం వారికి చెప్పినదే ఇక్కడ మీకోసం రాస్తున్నాను.

ముందుగా “వడపోత” అనే మాటను సరిచేసుకోవాలి. ఆ మాట వినగానే మనకు టీ వడకట్టే జల్లెడ గుర్తుకొస్తుంది. పనికిరాని పిప్పి పైన నిలుస్తుంది, పనికొచ్చే టీ కిందికి దిగుతుంది. మూత్రపిండం కూడా రక్తంలోని చెడును ఏరి బయట పారేస్తుందని అందరమూ అనుకుంటాం. అది చేసే పని దాదాపు ఇందుకు విరుద్ధమైనది.

భోగి పండుగకు ముందు మన ఇళ్లలో ఏం చేస్తారో తలచుకోండి. మూలమూలకూ వెళ్లి చెత్తను ఏరరు. గుమ్మంలోంచి పట్టే ప్రతి వస్తువునూ, బిందెలు, బట్టల మూటలు, చేటలు, చాపలు, అన్నింటినీ వాకిట్లోకి చేరవేస్తారు. గుమ్మంలో పట్టని పెద్ద బీరువా, పందిరి మంచం లోపలే ఉండిపోతాయి. తరువాత కావలసినవాటిని ఒక్కొక్కటే తుడిచి లోపలికి తెచ్చుకుంటారు. విరిగిన చేట, చిరిగిన చాప వాకిట్లోనే మిగిలి భోగిమంటకు పోతాయి. మూత్రపిండం చేసేది అచ్చంగా ఈ పనే. ముందు అంతా బయట పెట్టడం, తరువాత కావలసినది వెనక్కి తెచ్చుకోవడం. మన ఇంట్లో ఏడాదికి ఒకసారి జరిగేది అక్కడ రాత్రింబవళ్లూ జరుగుతుంది.

ఈ పని చేసే అతి చిన్న యంత్రం పేరు నెఫ్రాన్. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షలు ఉంటాయి. మనం పుట్టేనాటికి ఎన్ని ఉన్నాయో అంతే, ఆ తరువాత కొత్తది ఒక్కటీ పుట్టదు. ప్రతి నెఫ్రాన్‌కూ రెండు భాగాలు. మొదటిది సన్నని రక్తనాళాల ముద్ద. దానిని తెలుగు పాఠ్యపుస్తకాలు రక్తకేశనాళికా గుచ్ఛం అంటాయి. అది బౌమన్ గుళిక అనే గిన్నెలో కూర్చుని ఉంటుంది. రెండవది ఆ గిన్నె అడుగునుంచి బయలుదేరే పొడవైన నాళిక. గుచ్ఛం ఇల్లు ఖాళీ చేసే చోటు, నాళిక సామాను తిరిగి సర్దుకునే చోటు. ఈ రెండింటినీ విడిగా గుర్తుపెట్టుకుంటే మిగిలిన పాఠమంతా దానంతటదే వస్తుంది.

గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే గొట్టాన్ని అభివాహి ధమనిక అనీ, తీసుకుపోయే గొట్టాన్ని అపవాహి ధమనిక అనీ అంటారు. మనం “వచ్చే గొట్టం, పోయే గొట్టం” అనుకుందాం. శరీరంలో మిగిలినచోట్ల కేశనాళికల తరువాత సిర వస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. ఇక్కడ మాత్రం రెండో వైపు కూడా ధమనికే ఉంది. అందువల్ల గుచ్ఛంలో ఒత్తిడి సుమారు 55 మిల్లీమీటర్ల పాదరసం మట్టంలో నిలబడుతుంది. ఆ ఒత్తిడే నీటిని, ఉప్పును, చక్కెరను, యూరియాను, క్రియాటినిన్‌ను గోడగుండా గిన్నెలోకి నెడుతుంది. రక్తకణాలూ ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లూ గుమ్మంలో పట్టని బీరువాల్లా లోపలే ఉండిపోతాయి.

అయితే లోపల మిగిలిన ఆ ప్రోటీన్లే నీటిని వెనక్కి లాగుతూ ఉంటాయి. గిన్నెలో చేరిన ద్రవం కూడా ఎదురు నెడుతుంది. ఈ రెండూ తీసివేస్తే నికరంగా మిగిలే ఒత్తిడి 10 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. ఈ అంకెను విద్యార్థినుల చేత రెండుసార్లు పలికించాను. మీరూ గుర్తుంచుకోండి, దీని అవసరం ముందుంది. అంత కొద్దిపాటి ఒత్తిడితోనే, ఇరవై లక్షల గుచ్ఛాలు కలిసి, ఆరోగ్యవంతుడైన యువకుడిలో నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవాన్ని బయట పెడతాయి. రోజుకు 180 లీటర్లు. మన శరీరంలో ఉండే ప్లాస్మా మూడు లీటర్లే. అంటే అదే మూడు లీటర్లు రోజుకు అరవైసార్లు వాకిట్లోకి వచ్చి, మళ్లీ ఇంట్లోకి పోతున్నాయన్నమాట.

180 లీటర్లు బయటికి వచ్చి మనం విసర్జించేది లీటరున్నర అయితే మిగిలినదంతా ఏమైంది? నాళిక వెనక్కి తెచ్చింది. గిన్నెను ఆనుకుని ఉన్న మొదటి వంకర భాగంలోనే నీటిలో, ఉప్పులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి రక్తంలో చేరిపోతాయి. చక్కెర మొత్తం ఇక్కడే వెనక్కి పోతుంది. మోసే కూలీల సంఖ్యకు మాత్రం ఒక హద్దు ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే వారు మోయలేక కొంత వాకిట్లో మిగిలిపోతుంది. మధుమేహంలో మూత్రంలో చక్కెర కనిపించేది ఇందుకే.

తరువాత నాళిక కిందికి దిగి, మలుపు తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. దీనిని హెన్లీ శిక్యం అంటారు. “శిక్యం అంటే ఏమిటి?” అని అడిగితే అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. శిక్యమంటే ఉట్టి. దూలానికి వేలాడదీసిన ఉట్టి తాడులా ఆ నాళిక వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. ఇది మూత్రపిండపు లోపలి పొరను ఉప్పగా ఉంచుతుంది. ఆ ఉప్పదనం వల్లనే, చివరి సంగ్రహణ నాళంలోంచి దిగే ద్రవంలోని నీటిని శరీరం తన అవసరం మేరకు వెనక్కి పీల్చుకోగలుగుతుంది. ఎండలో పొలం పని చేసి వచ్చిన మనిషికి మూత్రం తక్కువగా, చిక్కగా వస్తుంది. చెంబుడు మజ్జిగ తాగితే పలచగా ఎక్కువగా వస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ గుచ్ఛం బయట పెట్టినది దాదాపు అంతే. మారినది చివర్లో వెనక్కి పీల్చుకున్న నీరు.

ముసలాయన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. మూత్రం ఎంత వస్తుందనేది ప్రధానంగా మనం తాగిన నీటినిబట్టి, చెమటనిబట్టి ఉంటుంది. గుచ్ఛాలు ఎంత వడకడుతున్నాయో అది చెప్పదు. గుచ్ఛాల పని సగానికి పడిపోయి రోజుకు 90 లీటర్లే బయట పెడుతున్నా, నాళికలు 88 లీటర్ల పైచిలుకు వెనక్కి తెచ్చి, అదే లీటరున్నర మూత్రాన్ని పంపగలవు. వాకిట్లోకి సామాను సగమే వచ్చింది. కానీ భోగిమంట ఎత్తు మాత్రం ఎప్పటిలాగే ఉంది. మంటను చూసి ఇల్లు శుభ్రమైందని మనం అనుకుంటున్నాం.

మరి గుచ్ఛాల పని తగ్గిందని ఎలా తెలుసుకోవాలి? అందుకే క్రియాటినిన్. కండరాలు రోజూ ఒకే తీరున తయారుచేసే వ్యర్థం అది. గుచ్ఛం బయట పెడితే నాళిక దానిని వెనక్కి తేదు. అరుగు మీద సుద్దముక్కతో ఒక చిన్న లెక్క వేశాను. మీరూ నాతోపాటు వేయండి.

ఒక మనిషి కండరాలు నిమిషానికి 1 మిల్లీగ్రాము క్రియాటినిన్ తయారు చేస్తున్నాయనుకుందాం. అతని రక్తపు ప్లాస్మాలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ 1 మిల్లీగ్రాము ఉంది. ప్రయోగశాల చీటీలో 1.0 అని కనిపించేది ఇదే. లెక్క సులువుగా ఉండటానికి అతని గుచ్ఛాలు నిమిషానికి 100 మిల్లీలీటర్లు వడకడుతున్నాయనుకుందాం. అప్పుడు నిమిషానికి 1 మిల్లీగ్రాము బయటికి పోతుంది. వచ్చినంత పోతోంది, లెక్క సరిపోయింది.

ఇప్పుడు వడపోత 50 మిల్లీలీటర్లకు పడిపోయింది. నిమిషానికి అర మిల్లీగ్రామే బయటికి పోతుంది. తయారయ్యేది ఒకటి, పోయేది అర. మిగిలినది రక్తంలో పేరుకుంటుంది. ఎంతవరకు? రక్తంలో 2.0 అయ్యేవరకు. అప్పుడు 50 మిల్లీలీటర్లలో 1 మిల్లీగ్రాము ఉంటుంది కనుక మళ్లీ వచ్చినంత పోతుంది. అంకె 2.0 దగ్గర స్థిరపడుతుంది. వడపోత ఇంకా సగమై 25కు దిగితే అంకె 4.0 అవుతుంది.

ఇక్కడ ఒకమ్మాయి సుద్దముక్క తీసుకుని అంకెల పక్కన గీతలు గీసి, “అయితే ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పటికే సగం పోయింది. రెండు నుంచి నాలుగుకు వెళ్లేటప్పుడు పోయింది పావే. చీటీలో మాత్రం రెండోదే పెద్ద పెరుగుదలగా కనిపిస్తుంది!” అంది. పాఠంలో నేను కోరుకున్నది ఆ మాటే. క్రియాటినిన్ 0.8 నుంచి 1.2కు పెరిగితే చీటీలో అది ఇంకా మామూలు హద్దులోనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ మనిషి వడపోతలో మూడోవంతు పోయింది. పైగా కొన్ని నెఫ్రాన్లు చనిపోతే మిగిలినవి వాటి పనిని కూడా నెత్తిన వేసుకుని ఎక్కువగా వడకడతాయి. ఒక మూత్రపిండం దానం చేసినవారిలో నెఫ్రాన్లు సగమైనా, కొన్ని నెలలకు వడపోత మునుపటిలో మూడింట రెండు వంతుల దాకా రావడం ఇందువల్లే. కాబట్టి వడపోత మూడోవంతు తగ్గిందంటే, చనిపోయిన నెఫ్రాన్లు అంతకంటే ఎక్కువే అయి ఉండవచ్చు.

ఆ లెక్కలో మొదటి వాక్యం మరొకసారి చూడండి. “నిమిషానికి 1 మిల్లీగ్రాము తయారు చేస్తున్నాయనుకుందాం” అన్నాను. అందరి కండరాలూ అంత తయారు చేయవు. నేను పొరబడింది సరిగ్గా అక్కడే. ఆ సంగతి విద్యార్థినులకు దాచకుండా చెప్పాను, మీకూ చెబుతాను.

సుమారు ఇరవై ఏళ్ల కిందటి మాట. అరవై ఎనిమిదేళ్ల అవ్వ ఒకావిడ మోకాళ్ల నొప్పులతో నా దగ్గరకు వచ్చింది. బరువు 42 కిలోలు. రక్తపోటుకు ఎనలాప్రిల్ వాడుతోంది. నొప్పి మాత్రలు రాసే ముందు జాగ్రత్తగానే క్రియాటినిన్ చేయించాను. 1.1 వచ్చింది. చీటీలో హద్దు 1.2 అని అచ్చు వేసి ఉంది. “నార్మల్” అని రాసి, డైక్లోఫెనాక్ మాత్రలు ఇచ్చి పంపాను. నొప్పి తగ్గింది, ఆవిడ దీవించి వెళ్లింది. అవే మాత్రలు మందుల దుకాణంలో కొనుక్కుని రెండు నెలలపాటు వాడింది. వద్దని నేను గట్టిగా చెప్పలేదు.

వేసవిలో ఆవిడకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఇంట్లోనే ఉంచి, నాలుగో రోజు తీసుకువచ్చారు. క్రియాటినిన్ 3.8. ఏమైందో నెఫ్రాన్ దగ్గరకు వెళ్లి చూద్దాం.

గుచ్ఛంలో నికరంగా మిగిలే ఒత్తిడి పదే అని చెప్పాను. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి రక్తపోటు పడినప్పుడు ఆ పది కాస్తా పోకుండా శరీరం రెండు పనులు చేస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థంతో వచ్చే గొట్టాన్ని వెడల్పు చేసి రక్తం లోపలికి రానిస్తుంది. ఆంజియోటెన్సిన్ అనే మరో పదార్థంతో పోయే గొట్టాన్ని బిగించి ఒత్తిడిని నిలబెడుతుంది. కాలువలో నీరు తగ్గినప్పుడు రైతు ఎగువ తూము బాగా తెరిచి, దిగువన కట్ట వేసినట్లు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్‌ను తయారు కానివ్వవు. ఎగువ తూము మూసుకుపోయింది. ఎనలాప్రిల్ ఆంజియోటెన్సిన్‌ను తయారు కానివ్వదు. దిగువ కట్ట తెగిపోయింది. అసలే నీరు లేదు. గుచ్ఛంలో ఒత్తిడి పడిపోయి వడపోత ఆగిపోయింది. ఎనలాప్రిల్ చెడ్డ మందు అని దీని అర్థం కాదు. మామూలు రోజుల్లో గుచ్ఛంలో ఒత్తిడిని తగ్గించి మధుమేహ రోగుల మూత్రపిండాలను కాపాడేది అదే. విరేచనాల రోజుల్లో, నొప్పి మాత్రతో కలిసినప్పుడు, అదే ప్రమాదమవుతుంది.

రెండు మందులూ ఆపి, సెలైను ఎక్కించాం. అదృష్టవశాత్తు డయాలసిస్ అవసరం పడలేదు. కొన్ని వారాలకు క్రియాటినిన్ దిగి 1.7 దగ్గర ఆగింది. అక్కడినుంచి ఇక దిగలేదు. దెబ్బతిన్న నాళికల్లో కణాలు తిరిగి పుడతాయి, కానీ పూర్తిగా పోయిన నెఫ్రాన్ తిరిగి రాదని చెప్పాను కదా.

ఇప్పుడు నా పొరపాటుకు వస్తాను. 1.1 అనే అంకెను నేను చీటీలోని హద్దుతో పోల్చాను, ఆవిడ శరీరంతో పోల్చలేదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ప్రచురించిన సూత్రం ఒకటి ఉంది. 140 లోంచి వయసు తీసివేసి, బరువు కిలోలతో గుణించి, ఆ వచ్చినదాన్ని క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి. స్త్రీలకైతే చివర 0.85తో గుణించాలి. ఆవిడకు లెక్క వేద్దాం. 140లోంచి 68 పోతే 72. దానిని 42తో గుణిస్తే 3024. క్రియాటినిన్ 1.1కు 72 రెట్లు 79.2. భాగిస్తే సుమారు 38. దానిని 0.85తో గుణిస్తే 32. నిమిషానికి 32 మిల్లీలీటర్లు! కండ లేని ఆ ఒంట్లో నిమిషానికి తయారయ్యే క్రియాటినిన్ మూడోవంతు మిల్లీగ్రాము చిల్లర మాత్రమే. అంత తక్కువ వస్తున్నా రక్తంలో 1.1 పేరుకుందంటే బయటికి పోయే దారి ఎంత ఇరుకైందో ఊహించండి. నేను “నార్మల్” అని రాసిన రోజునే ఆవిడకు మూడోవంతు వడపోత మాత్రమే మిగిలి ఉంది. ఆ సూత్రం నా బల్ల మీది పుస్తకంలోనే ఉంది. లెక్క వేయడానికి రెండు నిమిషాలు చాలు. నేను వేయలేదు.

నేటి ప్రయోగశాలలు చాలావరకు క్రియాటినిన్ పక్కనే వేరొక సూత్రంతో వడపోత అంచనాను కూడా ముద్రిస్తున్నాయి. మూడు నెలలకు పైగా అది 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. మీ చీటీలో ఆ అంకె లేకపోతే వైద్యుణ్ణి అడిగి వేయించుకోండి. మనిషి మరీ బక్కపలచగా ఉంటే, ముద్రించిన ఆ అంచనా కూడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చునని గుర్తుంచుకోండి.

అవ్వ కథ విన్నాక ఒకమ్మాయి మంచి సందేహం లేవనెత్తింది. “మూత్రం పరిమాణాన్ని నమ్మవద్దన్నారు. మరి వార్డులో మా చేత గంటగంటకూ మూత్రం కొలిపిస్తారు కదా, ఎందుకు?”

రెండు సందర్భాలు వేరు. ఏళ్ల తరబడి మెల్లగా నెఫ్రాన్లు పోయేటప్పుడు నాళికలు సర్దుకుంటాయి కాబట్టి మూత్రం తగ్గదు. ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి వడపోత ఆగినప్పుడు మాత్రం గంటల్లోనే మూత్రం తగ్గుతుంది. అప్పుడు వెనుకబడేది క్రియాటినిన్. వడపోత పూర్తిగా ఆగినా అది రోజుకు 1 నుంచి 1.5 చొప్పునే పేరుకుంటుంది. పొద్దున ఆగితే సాయంత్రం చీటీలో పెద్ద తేడా కనిపించదు. అందువల్ల వాంతులు, విరేచనాలు, రక్తస్రావం, జ్వరాలతో చేరిన రోగి దగ్గర నర్సు చేతిలోని కొలత గ్లాసు ప్రయోగశాల కంటే ఒక రోజు ముందుంటుంది. గంటకు, కిలో బరువుకు అర మిల్లీలీటరు కనీసం రావాలి. 42 కిలోల అవ్వకు గంటకు 21 మిల్లీలీటర్లు. వరుసగా ఆరు గంటలు అంతకంటే తగ్గితే వైద్యుణ్ణి నిద్రలేపాలి. ఆ అవ్వను ఇంట్లో ఉంచిన మూడు రోజుల్లో మూత్రం సంగతి ఎవరైనా గమనించి ఉంటే రెండో రోజే తెచ్చి ఉండేవారు.

చివరగా, ఇంతసేపూ మౌనంగా ఉన్న ఒకమ్మాయి మాట్లాడింది. ఆమెది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు, ఉద్దానం ప్రాంతం. “మా మేనమామకు పట్టీతో మూత్రం పరీక్ష చేస్తే ప్రోటీన్ లేదన్నారు. బీపీ లేదు, షుగర్ లేదు, కాళ్ల వాపు లేదు. ఏడాది తిరక్కుండా క్రియాటినిన్ నాలుగు అన్నారు. పట్టీ పరీక్ష తప్పా?”

తప్పు కాదమ్మా, అన్నాను. పట్టీ చూసేది ఆల్బుమిన్‌ను. అది గుచ్ఛం గోడ చెడినప్పుడు, అంటే గుమ్మం విరిగి బీరువా కూడా వాకిట్లోకి వచ్చేసినప్పుడు, మూత్రంలో కనిపిస్తుంది. మధుమేహంలో సాధారణంగా ముందు జరిగేది అదే. ఉద్దానంలో కనిపిస్తున్న వ్యాధి ప్రధానంగా నాళికలనూ, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. గుమ్మం చాలాకాలం గట్టిగానే ఉంటుంది కనుక ఆల్బుమిన్ బయటికి రాదు, లేదా కొద్దిగానే వస్తుంది. మొదట్లో వాపూ, రక్తపోటూ కూడా ఉండకపోవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో ఎందరో ఆలస్యంగా బయటపడటానికి ఇదొక కారణం. నీరు, ఎండ, పురుగుమందులు, ఇంకా ఎన్నో అనుమానాలు పరిశీలించారు గానీ, ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధులకే ప్రత్యేకంగా ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడివారికి పట్టీ ఒక్కటే సరిపోదు. రక్తంలో క్రియాటినిన్ చూసి, వడపోత లెక్క వేయాలి. మధుమేహం ఉన్నవారికి దీనికి తోడు మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూడాలి. ఏ పరీక్ష నెఫ్రాన్‌లో ఏ భాగాన్ని చూస్తుందో తెలిస్తే, ఏది “బాగుంది” అన్నా ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఆ అమ్మాయి పుస్తకంలోని నెఫ్రాన్ బొమ్మ తీసి, గుచ్ఛం పక్కన “ఆల్బుమిన్” అనీ, బొమ్మ మొత్తం కింద “క్రియాటినిన్, వయసు, బరువు” అనీ పెన్సిలుతో రాసుకుంది. “ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి, మా అమ్మకు కూడా రక్తపరీక్ష చేయించమంటాను” అంది. ఆమె తల్లి అదే ఊళ్లో, అదే తోటల్లో పనిచేస్తోందట.

పొద్దు వాలుతూంటే వాళ్లు లేచారు. దారిలో మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ ముసలాయన ఇంటికి మళ్లీ వెళ్లింది. మర్నాడు వచ్చి ఏం చెప్పిందో చెప్పింది. భోగి సంగతీ, మంట సంగతీ చెప్పిందట. ఆయన కాసేపు ఆలోచించి, గూట్లోంచి ఒక కవరు తీసి చూపించాడట. అందులో నడుము నొప్పికి నాలుగు నెలలుగా తానే కొనుక్కుని వేసుకుంటున్న మాత్రలు ఉన్నాయి. పేరు చదివితే డైక్లోఫెనాక్.

మీ ఇంట్లో అరవై దాటినవారు ఉంటే ఇవాళ ఒక్క పని చేయండి. వారి మాత్రల కవరు తెరిచి చూడండి. అందులో నొప్పి మాత్రలు రోజూ వేసుకునేవి ఉంటే, చివరిసారి చేసిన క్రియాటినిన్ చీటీ వెతికి, వయసూ బరువూ పక్కన రాసి, రెండూ కలిపి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున నొప్పి మాత్ర వేయకండి. రక్తపోటు మాత్ర ఆ రోజుకు ఆపాలా అన్నది అదే రోజు వైద్యుణ్ణి అడగండి. ఆయన “నార్మల్” అంటే, “ఈ వయసుకు, ఈ బరువుకు కూడానా?” అని మర్యాదగా మరొక్కమాట అడగండి. ఆ మాట ఆనాడు ఎవరైనా నన్ను అడిగి ఉంటే, ఆ రెండు నిమిషాల లెక్క నేను తప్పక వేసేవాడిని.